సంతకం పడ్డాకే బిల్లు

సాఫ్ట్‌వేర్ పనికి డబ్బు తీసుకునే పద్ధతుల్లో ఒకటి, పనిని దశలుగా విడగొట్టి దశకో బిల్లు ఇవ్వడం. ఈ దశలనే మైలురాళ్లు అంటారు. ఒక దశ పూర్తయిందని కస్టమర్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఆ దశ బిల్లు తయారవుతుంది. ఆ అంగీకార పత్రాన్ని వ్యవహారంలో సైన్‌ఆఫ్ అంటున్నారు.

మందుల హోల్‌సేల్ దుకాణానికి ఒక చిన్న సంస్థ 10 లక్షల రూపాయలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేందుకు ఒప్పుకుందనుకుందాం. పని ఆరు నెలలు. అవసరాల పత్రం ఖరారైతే 2 లక్షలు, బిల్లింగ్ భాగానికి 3 లక్షలు, సరుకు నిల్వలూ రిపోర్టులకు రెండున్నర లక్షలు, దుకాణంలో వాడకం మొదలైతే 2 లక్షలు. మిగిలిన 50 వేలు మూడు నెలల వాడకం తర్వాత ఇస్తారు. చివరి మొత్తం మరీ పెద్దదైతే సంస్థ చేసిన పనికి డబ్బు ఇరుక్కుపోతుంది. అసలే లేకపోతే, తర్వాత బయటపడే తప్పులు సరిచేయించుకోవడానికి కస్టమర్ చేతిలో పట్టు ఉండదు.

ఒప్పందంలో ‘బిల్లింగ్ భాగం పూర్తి కావాలి’ అని మాత్రమే రాస్తే గొడవకు అక్కడే బీజం పడుతుంది. పూర్తి కావడమంటే ఏమిటో పరీక్షించి చూడగలిగేలా రాయాలి. దుకాణంలోని 50 పాత బిల్లులను కొత్త సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ ఎక్కిస్తే మొత్తం, పన్ను పైసలతో సహా సరిపోవాలి. గడువు దాటిన బ్యాచ్ మందుకు బిల్లు పడకూడదు. వెనక్కి వచ్చిన సరుకు అదే బ్యాచ్ నిల్వలో చేరాలి. ఇలాంటి షరతులను కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగి కూడా స్వయంగా సరిచూడగలడు.

జూన్ 3న సంస్థ బిల్లింగ్ భాగాన్ని అప్పగించింది. జూన్ 10న కస్టమర్ రెండు విషయాలు రాసి పంపాడు. వెనక్కి వచ్చిన సరుకు వేరే బ్యాచ్‌లో చేరుతోంది, బిల్లు వాట్సాప్‌లో వెళ్లడం లేదు. మొదటిది షరతుల్లో ఉంది కాబట్టి లోపం, దాన్ని ఉచితంగా సరిచేయాలి. రెండోది షరతుల్లో ఎక్కడా లేదు. అది కొత్త కోరిక, దానికి వేరే ధర, వేరే గడువు. దాని పేరు చెప్పి ఈ దశ సంతకాన్ని ఆపకూడదు. అక్షరాల సైజు వంటి చిన్న లోపాలుంటే వాటి జాబితాను, సరిచేసే తేదీని సైన్‌ఆఫ్‌కు జతచేసి సంతకం పెట్టవచ్చు.

లోపం సరిచేసి పరీక్షించాక జూన్ 20న సంతకం పడింది. సంతకం ఎవరు పెట్టాలో ఒప్పందంలోనే పేరుతో రాయాలి. లేకుంటే మేనేజర్ ఒప్పుకున్న పనిని యజమాని కాదనే వీలుంటుంది. పత్రంలో దశ పేరు, అప్పగించిన వెర్షన్, పరీక్షల ఫలితం, తేదీ ఉండాలి. అదే రోజున 3 లక్షలకు 18 శాతం జీఎస్టీ 54 వేలు కలిపి 3,54,000 రూపాయల బిల్లు వెళుతుంది. సైన్‌ఆఫ్ ప్రతిని దానికి జతచేస్తారు.

బిల్లు తేదీకి చట్టంతోనూ సంబంధం ఉంది. మూడు నెలలకు మించి సాగుతూ, దశలవారీగా డబ్బు చెల్లించే సేవల్లో, ఆ దశ పూర్తయిన రోజుకల్లా ఇన్‌వాయిస్ ఇవ్వాలని జీఎస్టీ చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. అందుకే సైన్‌ఆఫ్ రోజునే దశ పూర్తయినట్టు లెక్కించాలని ఒప్పందంలో రాసుకోవాలి. నెలనెలా రిటర్న్ వేసే సంస్థ ఆ 54 వేలను జూలై 20లోగా కట్టాలి, కస్టమర్ డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా. చెల్లింపు గడువు 15 రోజులని ముందే రాసుకుంటే జూలై 5కల్లా డబ్బు అందాలి, పన్ను చేతి నుంచి పెట్టుకునే అవసరం రాదు.

కస్టమర్ సంతకమూ పెట్టక, అభ్యంతరమూ చెప్పక ఊరుకుంటే? ఇన్ని రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే అంగీకరించినట్టేనన్న నిబంధన ఒప్పందంలో ఉండాలి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం కూడా, అప్పగించిన 15 రోజుల్లోగా రాతపూర్వక అభ్యంతరం చెప్పకపోతే అప్పగించిన రోజునే అంగీకారం జరిగినట్టు పరిగణిస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు అంగీకారం నుంచి 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది.

వారం వారం అవసరాలు మారిపోయే పనికి ఈ పద్ధతి నప్పదు, అక్కడ నెలవారీ బిల్లే మేలు. ఏం కావాలో ముందే తేల్చి చెప్పగలిగే పనికి మాత్రం షరతులు రాసి, సంతకం తీసుకుని, ఆ తర్వాతే బిల్లు పంపడం ఇద్దరికీ భద్రం. షరతులు రాసుకోకుండా మొదటి దశ పని మొదలుపెట్టకూడదు, సంతకం లేకుండా తర్వాతి దశలో అడుగుపెట్టకూడదు.