33 శాతం హైక్‌లో చేతికొచ్చేది ఎంత?

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతం ఏడాదికి 12 లక్షలు అనుకుందాం. ఇంకో కంపెనీ 16 లక్షలకు ఆఫర్ లెటర్ పంపింది. తేడా 4 లక్షలు. దాన్ని పాత జీతం 12 లక్షలతో భాగిస్తే 33 శాతం పైచిలుకు. ఇంట్లో చెప్పేదీ, స్నేహితులకు చెప్పేదీ ఈ అంకెే. కానీ ఆ 12, ఈ 16 రెండూ సీటీసీలు. అంటే ఆ ఉద్యోగి కోసం కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో నెలనెలా బ్యాంకు ఖాతాలో పడేది, ఎప్పుడో పడేది, పడుతుందో లేదో తెలియనిది అన్నీ కలిసే ఉంటాయి. ఈ కలయిక రెండు కంపెనీల్లో ఒకేలా ఉండదు. అందుకే మొత్తాన్ని మొత్తంతో పోలిస్తే వచ్చే శాతాన్ని నమ్మడానికి లేదు.

ఆఫర్ లెటర్ చివర జీతం విడివిడిగా రాసిన పట్టిక ఒకటి ఉంటుంది. అసలు చదవాల్సింది ఆ పేజీ. మన ఉదాహరణలో పాత కంపెనీ 12 లక్షల్లో నెలజీతంగా వచ్చేది 10,20,000. అంటే నెలకు 85 వేలు. కంపెనీ కట్టే పీఎఫ్ 60 వేలు, గ్రాట్యుటీ పద్దు 24 వేలు, వేరియబుల్ 96 వేలు. కొత్త కంపెనీ 16 లక్షల్లో నెలజీతం వాటా 11,40,000. నెలకు 95 వేలు. పీఎఫ్ 72 వేలు, గ్రాట్యుటీ 29 వేలు, ఆరోగ్య బీమా ప్రీమియం 19 వేలు, జాయినింగ్ బోనస్ లక్ష, వేరియబుల్ 2,40,000.

నెలజీతం 85 వేల నుంచి 95 వేలకు పెరిగింది. అది 12 శాతం కూడా లేదు. ఇంటద్దె, ఈఎంఐలు కట్టేది ఈ డబ్బులోంచే కాబట్టి ముందు ఈ శాతాన్ని రాసి పెట్టుకోవాలి. అలాగని ఇదే అసలు హైక్ అనడమూ సరికాదు. వేరియబుల్ ఎంతో కొంత వస్తుంది, పీఎఫ్ కూడా మన డబ్బే.

గ్రాట్యుటీని, బీమాను మాత్రం రెండు వైపులా తీసేయడం మంచిది. గ్రాట్యుటీ సాధారణంగా ఐదేళ్లు పనిచేస్తేనే చేతికొస్తుంది. బీమా ప్రీమియాన్ని ఒక కంపెనీ సీటీసీలో చూపిస్తుంది, మరొకటి చూపించకుండానే ఇస్తుంది. జాయినింగ్ బోనస్ ఒక్కసారి వచ్చేది కనుక దాన్నీ పక్కన పెట్టాలి.

ఇక మిగిలింది వేరియబుల్. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. పట్టికలో రాసిన 2,40,000 లక్ష్యం మాత్రమే, హామీ కాదు. కంపెనీ ఫలితాలు, మన రేటింగ్ చూసి అందులో ఇంత శాతం అని చెల్లిస్తారు. కాబట్టి పాత కంపెనీ వైపు కాగితం మీది 96 వేలు వేయకూడదు, గత ఏడాది నిజంగా ఎంత పడిందో పేస్లిప్‌లో చూసి ఆ అంకె వేయాలి. మన ఉద్యోగికి 90 శాతం, అంటే 86,400 వచ్చింది. కొత్త కంపెనీ గురించి హెచ్‌ఆర్‌ను సూటిగా అడగాలి: గత మూడేళ్లలో ఈ స్థాయి ఉద్యోగులకు వేరియబుల్ సగటున ఎంత శాతం చెల్లించారు? అక్కడ పనిచేసేవాళ్లు తెలిసుంటే వాళ్లనూ అడగాలి. 70 శాతం అని తేలిందనుకుందాం. అప్పుడు 1,68,000.

ఇప్పుడు నెలజీతం, వచ్చే వేరియబుల్, కంపెనీ పీఎఫ్ కలిపితే పాత వైపు 11,66,400, కొత్త వైపు 13,80,000. హైక్ 18.3 శాతం. 33కూ దీనికీ ఎంత దూరమో చూడండి. ఒక్క అంకెతోనే ఆగకూడదు కూడా. కొత్త వేరియబుల్ అసలు రాకపోతే హైక్ 3.9 శాతం. పూర్తిగా వస్తే 24.5 శాతం. నా దృష్టిలో ఈ ఆఫర్‌ను సరిగ్గా చెప్పేది ఈ మూడు అంకెలూ కలిపే. 4 శాతం దగ్గర ఇల్లు నడుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు అవును అయితేనే ధైర్యంగా సంతకం పెట్టొచ్చు.

చేతికొచ్చే లెక్కలో పన్ను కూడా ఉంది. 2025 బడ్జెట్ సవరించిన కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం 12 లక్షలు దాటకపోతే జీతం మీద పన్ను లేదు. పాత కంపెనీలో మన ఉద్యోగి ఆ గీతకు ఇవతలే ఉన్నాడు, పన్ను సున్నా. కొత్త కంపెనీలో నెలజీతం, వేరియబుల్ కలిపి డిడక్షన్ పోగా 12,33,000 అవుతుంది. గీత కొద్దిగానే దాటినవాళ్లకు మార్జినల్ రిలీఫ్ ఉంటుంది కాబట్టి పన్ను దాటిన 33 వేలకు పరిమితమై, సెస్‌తో కలిపి 34,320 అవుతుంది. తన వాటా పీఎఫ్, తెలంగాణలో నెలకు 200 చొప్పున వృత్తిపన్ను కూడా పోతే పాత చోట ఏడాదికి చేతికొచ్చింది 10,44,000, కొత్త చోట వచ్చేది 11,99,280. పెరుగుదల 15 శాతానికి కాస్త తక్కువ.

అదే ఏడాది ఆ లక్ష జాయినింగ్ బోనస్ కూడా పడితే ఆదాయం 13,33,000 అయి మార్జినల్ రిలీఫ్ పూర్తిగా పోతుంది. పన్ను 83,148కి చేరుతుంది. అంటే లక్ష బోనస్‌లో దాదాపు 49 వేలు పన్నుకే. పైగా ఏడాదిలోపు మానేస్తే బోనస్ తిరిగి కట్టాలన్న షరతు చాలా ఆఫర్లలో ఉంటుంది. పన్ను పోగా వచ్చింది కడితే సరిపోతుందా, మొత్తం లక్షా కట్టాలా అన్నది లెటర్‌లో చూసుకోవాలి.

మొదటి ఏడాది వేరియబుల్ విషయంలో ఇంకో మెలిక ఉంది. అక్టోబరులో చేరితే మార్చి వరకు ఆరు నెలలకే లెక్కకడతారు, డబ్బు ఆ తర్వాతెప్పుడో వస్తుంది. చెల్లించే రోజుకు ఉద్యోగంలో ఉండి తీరాలని చాలా కంపెనీల నిబంధన. పాత కంపెనీలోనూ ఇదే నిబంధన ఉంటే, చెల్లింపుకు నెల ముందు మానేసినవాళ్లు ఏడాది వేరియబుల్‌ను వదులుకున్నట్టే.

పాత జీతం కూడా అక్కడే ఆగి ఉండదు. రెండు నెలల్లో 8 శాతం ఇంక్రిమెంట్ ఖాయమైతే పోల్చాల్సింది పెరిగిన జీతంతోనే. అన్ని పద్దులూ అదే లెక్కన పెరుగుతాయనుకుంటే పాత వైపు మొత్తం 12,59,712 అవుతుంది, 18.3 శాతం కాస్తా తొమ్మిదిన్నరకు దిగుతుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే బేరం తీరు కూడా మారుతుంది. సీటీసీని 17 లక్షలు చేయమని అడగడం కన్నా, 16 లక్షలే ఉంచి వేరియబుల్‌లోంచి లక్షను నెలజీతంలోకి మార్చమనడం మేలు. బేసిక్ మారకుండా ఆ ఒక్క మార్పు జరిగితే సగటు హైక్ 18.3 నుంచి 20.9 శాతానికి చేరుతుంది. వేరియబుల్ ఒక్క రూపాయి రాని ఏడాదిలో కూడా 3.9కి బదులు 12.5 శాతం మిగులుతుంది. కంపెనీ మీద పెద్దగా అదనపు భారం పడదు కనుక హెచ్‌ఆర్ ఒప్పుకునే అవకాశమూ ఎక్కువే.