మిగిలిపోయిన గొలుసే ముప్పు

ఎర్ర రక్తకణంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసుల కలయికతో ఏర్పడుతుంది. గొలుసు అంటే అమైనో ఆమ్లాలు వరుసగా చేరిన ప్రోటీన్. ఆల్ఫాకు 16వ క్రోమోజోమ్ జతపై నాలుగు జన్యువులు, బీటాకు 11వ జతపై రెండే ఉన్నా, ఆరోగ్యవంతుల్లో రెండింటి ఉత్పత్తీ దాదాపు సమంగా సాగుతుంది. ఈ సమతూకం తప్పడమే తలసీమియా.

భారతదేశంలో బీటా తలసీమియాకు ఎక్కువగా కారణమయ్యే మార్పు డీఎన్‌ఏలోని ఒకే ఒక్క అక్షరానిది. జన్యువు నుంచి తీసిన ప్రతిలో కత్తిరించి పారేయవలసిన భాగాన్ని ఇంట్రాన్ అంటారు. బీటా జన్యువు మొదటి ఇంట్రాన్‌లో ఐదో స్థానాన ఉండవలసిన ‘జి’ బదులు ‘సి’ ఉంటే, కత్తిరింపు చాలావరకు తప్పు చోట జరిగి, సరైన బీటా గొలుసులు బాగా తగ్గిపోతాయి.

అయితే అసలు నష్టం బీటా కొరత కన్నా జత దొరకక మిగిలిన ఆల్ఫా వల్లే ఎక్కువ. ఆ గొలుసులు మూలుగలోని అపరిపక్వ కణాల్లోనే ముద్దకట్టి, వాటి నుంచి విడివడిన ఇనుము కణపొరను ఆక్సీకరణతో దెబ్బతీయడంతో, అధికభాగం కణాలు రక్తంలోకి రాకముందే చనిపోతాయి. వచ్చినవాటిని ప్లీహం తొందరగా నాశనం చేస్తుంది. కొరత తీర్చబోయి మూలుగ విస్తరించగా ముఖపుటెముకలు ఉబ్బుతాయి, పేగులు అవసరానికి మించి ఇనుమును గ్రహిస్తాయి. ఆల్ఫా జన్యువు కూడా ఒకటి రెండు లోపించిన రోగుల్లో వ్యాధి తరచుగా తేలికగా ఉండడం, మిగులే ముప్పని చెప్పే గట్టి రుజువు. గర్భంలో బీటా స్థానంలో గామా గొలుసులుంటాయి గనుక పుట్టినప్పుడు ఆరోగ్యంగా కనిపించిన బిడ్డ, గామా తగ్గిన ఆరు నెలల తర్వాత పాలిపోవడం మొదలవుతుంది.

అక్క కూతురిని, మేనత్త లేదా మేనమామ బిడ్డను చేసుకోవడం ఆనవాయితీగా ఉన్న కర్నూలు, కడప వంటి రాయలసీమ జిల్లాల్లో ఈ లోపం వారసత్వంగా వచ్చే లెక్కకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. మేనమామకు తన తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి లోపజన్యువు ఒకటి వచ్చిందనుకుంటే, అది అక్కకూ వచ్చే అవకాశం సగం, ఆమె కూతురికి చేరే అవకాశం అందులో సగం, అంటే నాలుగో వంతు. ఇద్దరూ చెరో లోపజన్యువు మోసే వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్ర వ్యాధి వచ్చే అవకాశం మళ్లీ నాలుగో వంతు. మేనరికం లోపాన్ని పుట్టించదు. ఒకే పూర్వికుని నుంచి దిగిన రెండు ప్రతులను ఒక బిడ్డలో కలిపే అవకాశాన్ని పెంచుతుంది.

వాహకులకు స్వల్ప రక్తహీనత తప్ప బాధ ఉండదు గనుక, చిన్నవైన వారి ఎర్రకణాలను చూసి ఇనుము లోపమని పొరబడడం సులభం. ఇనుము లోపంలో ఎర్రకణాల సంఖ్య సాధారణంగా తగ్గితే, వాహకుల్లో అది మామూలుగానో హెచ్చుగానో ఉంటుంది. హిమోగ్లోబిన్ ఎ2 శాతం 3.5 దాటితే అనుమానం బలపడుతుంది. ఇనుము లోపం కూడా తోడైతే ఆ శాతం తగ్గి కనిపించవచ్చు గనుక, ఆ లోపాన్ని సరిచేసి మళ్లీ పరీక్షించాలి. భార్య వాహకురాలని తేలితే భర్తకూ అదే పరీక్ష చేయాలి. ఇద్దరిలోనూ మార్పు గుర్తించినప్పుడు, గర్భం 10 నుంచి 12 వారాల మధ్య మాయ నుంచి తీసిన నమూనాతో బిడ్డకు రెండు ప్రతులూ చేరాయో లేదో తెలుసుకోవచ్చు.