600 వీఏ యూపీఎస్ కొంటే కంప్యూటర్ ఎన్ని నిమిషాలు ఆగుతుంది? మీటర్ లైటుతోనే లెక్క తేల్చుకోవచ్చు

జనగామ జిల్లా దేవరుప్పుల మండల కేంద్రంలో ఒక మీసేవ, జిరాక్స్ సెంటర్ ఉందనుకుందాం. దరఖాస్తుకు చివరి రోజు. విద్యార్థి వివరాలన్నీ ఎక్కించేశారు. ఫీజు కట్టే పేజీ ఇంకా తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ రెండు నిమిషాలు కీక్ కీక్‌మని అరిచి చేతులెత్తేసింది. డబ్బులు కట్ అయ్యాయో లేదో తెలియదు, రసీదు మాత్రం రాలేదు. ఇలాంటప్పుడు షాపులో అడిగితే ఎక్కువగా వినిపించే సలహా ఒకటే. 600 వీఏ సరిపోవట్లేదు, 1000 వీఏ తీసుకోండి అని.

కానీ వీఏ పెరిగినంత మాత్రాన నిమిషాలు పెరగవు. ఎంత బరువు మోయగలదో చెప్పేది వీఏ. ఎంతసేపు మోయగలదో చెప్పేది లోపలున్న బ్యాటరీ. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే చాలామంది అవసరం లేని పెద్ద యూపీఎస్ కొని, మళ్లీ అవే ఐదు నిమిషాల దగ్గర ఆగిపోతున్నారు.

వీఏ వేరు, వాట్లు వేరు

యూపీఎస్ డబ్బా మీద 600 వీఏ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. వెనక స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని కనిపిస్తుంది. క్వింటాలు వడ్లు మిల్లుకు వేస్తే క్వింటాలు బియ్యం రావు కదా, ఇదీ అలాంటిదే. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది వీఏ. అందులో నిజంగా పనికొచ్చే భాగం వాట్లు. ఇళ్లలో, షాపుల్లో వాడే చిన్న యూపీఎస్‌లలో ఈ నిష్పత్తి ఎక్కువగా 0.6 ఉంటుంది, కొన్నింటిలో 0.5 కూడా ఉంటుంది. అందుకే కొనేముందు చూడాల్సింది ముందున్న పెద్ద అంకె కాదు, వెనకున్న చిన్న అంకె.

మరి కంప్యూటర్ ఎన్ని వాట్లు తీసుకుంటుంది? సీపీయూ డబ్బాలోని ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని చూసి, అంత వాడుతుందని భయపడే వాళ్లు చాలామంది. అది ఎస్‌ఎంపీఎస్ గరిష్ఠంగా ఇవ్వగలిగే శక్తి మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ఆఫీసు కంప్యూటర్ పని చేస్తున్నప్పుడు 40 నుంచి 80 వాట్లు, ఎల్‌ఈడీ మానిటర్ 15 నుంచి 25 వాట్లు తీసుకుంటాయి. ఇంటర్నెట్ డబ్బాకు పదో పన్నెండో వాట్లు.

కచ్చితంగా తెలుసుకోవాలంటే వాట్లు చూపించే ప్లగ్ మీటర్ దొరుకుతుంది. అది లేకున్నా ఫర్వాలేదు, గోడకున్న కరెంటు మీటరే చాలు. ఎలక్ట్రానిక్ మీటర్ మీద ఒక ఎర్ర లైటు మినుకు మినుకుమంటూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. కొన్నింటి మీద 1600, కొన్నింటి మీద 3200, ఇలా మీటర్‌ను బట్టి మారుతుంది. షాపులో ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ అన్నీ ఆపేయాలి. యూపీఎస్‌ను పక్కన పెట్టి కంప్యూటర్, మానిటర్, ఇంటర్నెట్ డబ్బాను నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టాలి. యూపీఎస్‌ను మధ్యలో ఉంచితే బ్యాటరీ ఛార్జింగ్‌కు పోయే కరెంటు కూడా లెక్కలో కలుస్తుంది. తర్వాత రోజూ చేసే పనే చేస్తూ, పది నిమిషాల పాటు లైటు ఎన్నిసార్లు వెలిగిందో ఒకరు లెక్కపెట్టాలి.

మన దేవరుప్పుల సెంటర్‌లో 3200 అని రాసి ఉన్న మీటర్ మీద పది నిమిషాల్లో 48 సార్లు వెలిగిందనుకుందాం. గంటకు 288 సార్లు. 288ని 3200తో భాగిస్తే 0.09 యూనిట్. అంటే గంటకు 90 వాట్ అవర్లు, లోడ్ 90 వాట్లు అన్నమాట. 

ఇప్పుడు వీఏ లెక్క నిమిషంలో తేలిపోతుంది. 90ని 0.6తో భాగిస్తే 150 వీఏ. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు, పని ఒక్కసారిగా పెరిగినప్పుడు వచ్చే హెచ్చుల కోసం పాతిక శాతం కలిపితే 190 వీఏ కూడా దాటదు. మార్కెట్‌లో మామూలుగా దొరికే 600 వీఏ దీనికి మూడింతలు. అంటే ఈ కంప్యూటర్‌కు వీఏ చాలకపోవడం అన్న సమస్యే లేదు. గేమ్‌లు, వీడియో ఎడిటింగ్ కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టిన మెషీన్ల సంగతి వేరు. అవి 350 వాట్లు లాగితే ఇదే లెక్కలో 730 వీఏ వస్తుంది కాబట్టి 1000 వీఏకు వెళ్లాల్సిందే.

నిమిషాలు ఇచ్చేది బ్యాటరీయే

600 వీఏ యూపీఎస్ విప్పితే లోపల సాధారణంగా ఒకే ఒక్క 12 వోల్టుల, 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ ఉంటుంది. 12ను 7తో గుణిస్తే 84 వాట్ అవర్లు. దాన్ని 90తో భాగిస్తే 56 నిమిషాలు రావాలి కదా అనిపిస్తుంది. రాదు.

ఎందుకంటే బ్యాటరీ మీద రాసిన 7 ఏహెచ్ అనేది చాలా నెమ్మదిగా, 20 గంటల పాటు వాడితే ఇచ్చే లెక్క. అంటే 0.35 ఆంపియర్ చొప్పున. యూపీఎస్‌లో మాత్రం అది 90 వాట్ల కంప్యూటర్‌ను లాగడానికి ఒక్కసారిగా తొమ్మిది ఆంపియర్ల దాకా ఇవ్వాలి. అంత వేగంగా పిండితే లెడ్ బ్యాటరీ తనలో ఉన్నదంతా ఇవ్వదు. సుమారు సగం ఇచ్చేసరికే వోల్టేజీ పడిపోయి యూపీఎస్ ఆపేస్తుంది. ఆ వచ్చిన సగంలోనూ 12 వోల్టులను 230 వోల్టులుగా మార్చడంలో ఐదో వంతు వేడిగా పోతుంది.

కాబట్టి 84లో సగం 42, అందులో ఐదో వంతు తీసేస్తే 34 వాట్ అవర్లు. 34ను 90తో భాగించి 60తో గుణిస్తే 22 నిమిషాలు. కొత్త బ్యాటరీతో దేవరుప్పుల సెంటర్ ఆశించాల్సిన సమయం ఇదీ. ఇది అంచనా మాత్రమే, రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ ఉంటుంది. లోడ్ 200 వాట్లకు చేరితే బ్యాటరీ సగం కూడా ఇవ్వదు కాబట్టి ఈ లెక్క కంటే ఇంకా తక్కువే వస్తుంది.

కొన్ని 600 వీఏ మోడళ్లలో 5 ఏహెచ్ బ్యాటరీ పెట్టి అమ్ముతారు. ఇదే లెక్కలో అది 16 నిమిషాలే. పైన అంకె 600 వీఏనే, నిమిషాలు మాత్రం వేరు. 1000 వీఏ వాటిలో చాలావరకు 7 ఏహెచ్ బ్యాటరీలు రెండు ఉంటాయి. అప్పుడు భారం రెండింటి మీద పడుతుంది కాబట్టి నిమిషాలు రెట్టింపు కంటే కాస్త ఎక్కువే వస్తాయి. అందుకే షాపులో అడగాల్సిన ప్రశ్న ఎన్ని వీఏ అని కాదు. లోపల ఎన్ని బ్యాటరీలు, ఒక్కోటి ఎంత ఏహెచ్ అని.

రెండు నిమిషాల్లోనే ఎందుకు ఆగింది?

22 నిమిషాలు రావాల్సిన చోట రెండు నిమిషాలే వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది లేజర్ ప్రింటర్‌ను. లేజర్ ప్రింటర్ కాగితం మీద పొడిని అంటించడానికి లోపల ఒక రోలర్‌ను బాగా వేడి చేస్తుంది. ఆ కొద్ది క్షణాలు అది ఒక్కసారిగా 600 వాట్లకు పైగా లాగగలదు. 360 వాట్ల యూపీఎస్ దాన్ని మోయలేక ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది, దాంతో పాటు కంప్యూటరూ పోతుంది. జిరాక్స్ సెంటర్లలో ప్రింటర్‌ను, కంప్యూటర్‌ను ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు పెట్టి, ఆ బాక్స్‌ను యూపీఎస్‌కు పెట్టేస్తారు. గొడవంతా అక్కడే. ప్రింటర్‌ను నేరుగా గోడకే పెట్టాలి. ఇంక్ ట్యాంక్ ప్రింటర్ అయితే ఇబ్బంది లేదు, దానికి పదీ ఇరవై వాట్లు చాలు. ఇక ఇంటర్నెట్ డబ్బాను మాత్రం మరిచిపోకుండా యూపీఎస్‌కే పెట్టాలి. కంప్యూటర్ వెలుగుతూ నెట్ పోతే ఫీజు పేజీకి ఒరిగేదేమీ లేదు.

ప్రింటర్ తీసేశాక కూడా తొందరగానే ఆగుతుంటే బ్యాటరీ ముసలిదైనట్టే. సీల్డ్ బ్యాటరీలు మన దగ్గర రెండు మూడేళ్లకు మించి సరిగ్గా పనిచేయడం అరుదు. 25 డిగ్రీల చోట వచ్చే ఆయుష్షు, పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. రేకుల షెడ్డులో, ఎండ పడే గోడ పక్కన, మేలో దాని పరిస్థితి ఊహించుకోవచ్చు. పరీక్ష కూడా తేలికే. పనులన్నీ సేవ్ చేసి, బ్యాటరీ నిండా ఛార్జ్ అయిన రోజు గోడ స్విచ్ ఆపి, ఎన్ని నిమిషాలు ఆగిందో రాసిపెట్టుకోవాలి. అంచనాలో సగం కూడా రాకపోతే బ్యాటరీ మార్చాలి, యూపీఎస్‌ను కాదు. పక్కలు ఉబ్బినట్టు కనిపిస్తే పరీక్ష కూడా వద్దు, వెంటనే తీసేయాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చిన్న యూపీఎస్‌లో ఛార్జర్ కూడా చిన్నదే. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ నిండాలంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. పొద్దున ఒకసారి, గంటకు మరోసారి కరెంటు పోయిన రోజు రెండోసారి 22 నిమిషాలు రాకపోతే అది యూపీఎస్ లోపం కాదు.

నిమిషాలు పెంచుకుందామని కొందరు ఈ చిన్న యూపీఎస్‌కే బయట నుంచి పెద్ద కారు బ్యాటరీ తగిలిస్తారు. ఇది ప్రమాదం. లోపలి సర్క్యూట్ అరగంటో ముప్పావుగంటో నడవడానికి చేసింది, గంటల తరబడి నడిస్తే వేడెక్కి కాలిపోవచ్చు. ఆ చిన్న ఛార్జర్ అంత పెద్ద బ్యాటరీని ఎన్నటికీ సరిగ్గా నింపలేదు కూడా.

కరెంటు పోయినా గంటల తరబడి పని ఆగకూడదు అనుకునే సెంటర్‌కు యూపీఎస్ సరైన సరుకు కాదు, ఇన్వర్టర్ కావాలి. 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతో కంప్యూటర్, ఒక ఫ్యాన్, రెండు లైట్లు కలిపి 200 వాట్లు నడిపినా నాలుగైదు గంటలు ఆశించవచ్చు. కాకపోతే ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉండాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే ఆ రెప్పపాటు ఫ్యాన్‌కు తెలియదు గానీ, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అయిపోతుంది. ఆ స్విచ్ లేని ఇన్వర్టర్ ఇప్పటికే ఉంటే, దాని తర్వాత చిన్న 600 వీఏ యూపీఎస్ పెట్టుకునే వాళ్లూ ఉన్నారు. అప్పుడు యూపీఎస్ మోయాల్సింది ఆ రెప్పపాటునే. అయితే ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ అయితే యూపీఎస్ దాన్ని సరైన కరెంటుగా గుర్తించక బ్యాటరీ మీదే నడుస్తూ, చివరకు ఆగిపోతుంది.