సైట్ చూశారు సరే, బుకింగ్ ఎందుకు కాలేదు?

ఆదివారం పొద్దున షాద్‌నగర్ వైపు వెళ్లినా, సదాశివపేట వైపు వెళ్లినా వెంచర్ల గేట్ల ముందు కార్లు వరుసగా ఆగి ఉంటాయి. సాయంత్రానికి చిన్న డెవలపర్ మాత్రం తల పట్టుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్లంతా బాగుందన్నారు, చెక్కు మాత్రం ఎవరూ రాయలేదు. పెద్ద కంపెనీకి హోర్డింగులున్నాయి, వందమంది ఏజెంట్లున్నారు. చిన్న డెవలపర్‌కు ప్రతి సైట్ విజిట్‌కూ కారు, డ్రైవరు, ఒక మనిషికి సగం రోజు ఖర్చవుతాయి. అందుకే విజిట్ నుంచి బుకింగ్ దాకా ఒక పద్ధతి ఉండాలి. నా ఉద్దేశంలో ఆ పద్ధతికి అసలు పని సైట్‌లో గడిపే గంటలో కాదు, దానికి ముందూ వెనకా ఉంటుంది.

లెక్క కోసం ఐదెకరాల వెంచర్ ఒకటి అనుకుందాం. అంటే 24,200 గజాలు. రోడ్లు, పార్కు పోగా అమ్ముకోవడానికి మిగిలేది సగం పైచిలుకు, అంటే 65, 70 ప్లాట్లు. వాటిలోనూ సాధారణంగా 15 శాతం లేఅవుట్ అనుమతి ఇచ్చిన సంస్థ దగ్గర మార్ట్‌గేజ్‌లో ఉంటాయి. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పూర్తయి ఫైనల్ లేఅవుట్ వచ్చాకే అవి చేతికొస్తాయి.

ఈ వెంచర్‌కు ఒక నెలలో 24 కుటుంబాలు వచ్చాయనుకుందాం. ఏడుగురు టోకెన్ ఇచ్చారు. వాళ్లలో నలుగురు వెనక్కి తీసుకున్నారు, ముగ్గురే రిజిస్ట్రేషన్ దాకా వచ్చారు. మిగతా 21 మందీ ఎందుకు ఆగిపోయారో విజిట్ స్లిప్పులు తీసి చూస్తే, తొమ్మిదిమంది విషయంలో నిర్ణయం తీసుకునే మనిషి సైట్‌కే రాలేదు. ఆరుగురికి మొత్తం ఖర్చు ఎంతో సైట్‌లోనే మొదటిసారి తెలిసింది. నలుగురికి కాగితాల మీద అనుమానం. స్థలం నచ్చనివాళ్లు ఇద్దరే. అంటే ఆర్చి గేటుకు ఇంకో కోటు రంగు వేసినా ఈ లెక్క మారదు.

కాబట్టి కారు బయల్దేరకముందే ఫోన్‌లో కొన్ని సంగతులు తేల్చుకోవాలి. ఇల్లు కట్టుకోవడానికా, పెట్టుబడికా? మీతోపాటు ఇంకెవరు చూడాలి? సొమ్ము చేతిలో ఉందా, లోన్ తీసుకుంటారా? భర్త ఒక్కడే వచ్చి చూసి వెళ్తే ఆ విజిట్ సగమే అయినట్టు. భార్య, మామగారు, వాస్తు చెప్పే బాబాయి కూడా వచ్చే రోజు కుదిరేదాకా ఆగడం మేలు. డబ్బు పెట్టేది అమెరికాలో ఉన్న కొడుకైతే మన ఆదివారం పొద్దున తొమ్మిదికి అక్కడ ఇంకా శనివారం రాత్రే కాబట్టి, ప్లాట్‌లో నిలబడి వీడియో కాల్ చేయించడానికి అదే సరైన వేళ.

ధర కూడా ముందే పూర్తిగా చెప్పాలి. గజం 12,000 అనగానే కొనేవాళ్ల మనసులో 200 గజాలకు 24 లక్షలని పడిపోతుంది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 1,80,000. తూర్పు ఫేసింగ్‌కు గజానికి 500 ఎక్కువంటే ఇంకో లక్ష, దాని మీద మళ్లీ 7,500. అప్పటికే 26,87,500 అయింది. దీన్ని ఎండలో నిలబడ్డప్పుడు చెబితే బేరం మొదలవుతుంది. ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో కాస్ట్ షీట్‌గా పంపితే, రాగలిగినవాళ్లే వస్తారు. విజిట్లు తగ్గుతాయి, అది నష్టం కాదు.

సైట్‌లో ముందుగా చూపాల్సింది పార్కు కాదు, లోపలికి వచ్చే దారి. మెయిన్ రోడ్డు నుంచి వెంచర్ దాకా ఉన్న దారి ఎవరిది, లేఅవుట్ కాపీలో ఎన్ని అడుగులుందో చెప్పేస్తే అడగబోయే ప్రశ్న ఒకటి తగ్గుతుంది. తర్వాత వాళ్ల అవసరానికి సరిపోయే రెండు మూడు ప్లాట్లే చూపాలి. హద్దురాళ్ల మధ్య టేపు పట్టి కొలిచి చూపించాలి. పక్కన హైటెన్షన్ లైనో, వాగో ఉంటే మనమే చెప్పాలి. దాచినా తిరుగు ప్రయాణంలో వాళ్లకు కనబడుతుంది, అప్పుడిక ఏ మాటా నమ్మరు. మార్ట్‌గేజ్ ప్లాట్లకు చార్టులో వేరే రంగు వేసి ఉంచాలి. కారెక్కేముందు ఒక్కటే అడగాలి: "మీకింకా తేలని విషయం ఏమిటండీ?" వచ్చిన జవాబును స్లిప్పులో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి.

అక్కడినుంచి రెండు రోజులు ముఖ్యం. ఆ సాయంత్రమే వాళ్లు చూసిన ప్లాట్ ఫొటో, లేఅవుట్ అనుమతి, రెరా సర్టిఫికెట్, నాలా కన్వర్షన్ ఉత్తర్వు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ కలిపి పంపాలి. మర్నాడు స్లిప్పులో రాసుకున్న అనుమానం ఒక్కదానికే జవాబుతో ఫోన్ చేయాలి. "ఏమనుకున్నారు సార్?" అని రోజూ అడిగే ఫోన్ ఎవరూ ఎత్తరు. ప్లాట్ మాత్రం వాళ్ల పేరున రెండు రోజులు ఆపి ఉంచాలి, ఆ గడువును రాతలో ఇవ్వాలి. చార్టు ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఇద్దరు ఏజెంట్లు ఒకే కార్నర్ బిట్‌ను ఇద్దరికి మాటిచ్చేస్తే పోయేది రెండో గిరాకీ ఒక్కటే కాదు, ఊళ్లో పేరు కూడా.

మూడోరోజు సూటిగా అడగాలి. "మంచిరోజు చూసి చెప్తాం" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. తేదీ చెబితే నిజంగా ముహూర్తమే, ఆషాఢమైతే శ్రావణంలో ఫలానా రోజంటారు. ఆ తేదీ దాకా ప్లాట్ ఆపొచ్చు. తేదీ రాకపోతే మర్యాదగా వద్దన్నట్టే, చార్టులో ప్లాట్ విడిపించుకోవాలి.

ఇక డబ్బు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా 2016 రెరా చట్టం కింద ప్రాజెక్టు నమోదు కానిదే ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అమ్మిపెట్టే ఏజెంటుకూ రెరా నమోదు ఉండాలి. ప్రీలాంచ్ రేటు అని ఊరించేవాళ్ల దగ్గర కొనేవాళ్లు ముందు అడగాల్సింది ఈ నంబరే. ప్లాట్ ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయాలి. తూర్పు ఫేసింగ్ కలిపి 25 లక్షలయ్యే మన ప్లాట్‌కు ఆ గీత రెండున్నర లక్షల దగ్గర పడుతుంది. అడ్వాన్సైనా సరే, 20,000 గానీ ఆపైన గానీ నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నవాడి మీద అంత మొత్తమూ పెనాల్టీ పడవచ్చు. కాబట్టి చెక్కో, బ్యాంకు ట్రాన్స్‌ఫరో, యూపీఐయో అయి ఉండాలి. రసీదు మీద ప్లాట్ నంబరు, రద్దు చేసుకుంటే ఎంత ఎన్నాళ్లలో తిరిగొస్తుందో రాసి ఉండాలి.

మన లెక్కలో వెనక్కిపోయిన నాలుగు టోకెన్లూ "రేపటి నుంచి గజానికి 500 పెరుగుతుంది" అని తొందరపెట్టి తీసుకున్నవే అయ్యుంటాయని నా అనుమానం. టోకెన్ పడగానే ఏజెంటుకు కమిషన్ ఇచ్చే చోట ఇలాంటివి ఎక్కువ. కమిషన్‌లో పెద్ద భాగం రిజిస్ట్రేషన్ రోజున ఇచ్చి, నెలాఖరున విజిట్ల పక్కన టోకెన్లకు బదులు రిజిస్ట్రేషన్లు రాసుకుంటే, ఏ ఏజెంటు తెచ్చినవాళ్లు నిలుస్తున్నారో రెండు మూడు నెలల్లో తెలిసిపోతుంది.