సెలవు అడిగే ఉత్తరంలో ఏం ఉండాలి?

కొన్ని ఆఫీసుల్లో సెలవులు రూల్స్ పుస్తకంలో ఉంటాయి, అడగబోతే మాత్రం దొరకవు. "ఈ టైంలో లీవా?" అని మేనేజర్ మొహం చిట్లిస్తారు. "నేను మూడేళ్లుగా ఒక్క లీవ్ కూడా పెట్టలేదు" అని పక్క సీటాయన గొప్పగా చెప్పుకుంటారు. అలాంటి చోట చాలామంది అసలు అడగడమే మానేస్తారు. కొందరు చివరి నిమిషంలో జ్వరమనో, ఊళ్లో ఎవరో పోయారనో చెప్పి వెళ్లిపోతారు. అడగనివాళ్ల సెలవు ఏటా మురిగిపోతుంది. అబద్ధం చెప్పినవాళ్ల మాటకు, నిజంగా అవసరం వచ్చిన రోజున విలువ ఉండదు.

ఇంకో పద్ధతి ఉంది. ముందుగా, రాతపూర్వకంగా, ఉన్న విషయాలు మాత్రమే చెప్పి అడగడం. వినడానికి ఇది చిన్న సంగతే. కానీ సెలవంటే మొహం చిట్లించే చోట దీనికున్నంత బలం బతిమాలడానికీ లేదు, కోపానికీ లేదు. అందుకు ఒక కారణం చట్టంలోనే ఉంది.

అడగకుండా వదిలేసిన సెలవు, అడిగితే ఇవ్వని సెలవు చట్టం దృష్టిలో ఒకటి కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కార్మికుడు వాడుకోని వేతన సెలవుల్లో 30 రోజుల వరకే మరుసటి ఏడాదికి జమ అయ్యేవి. అయితే నిబంధన ప్రకారం అడిగినా యాజమాన్యం ఇవ్వకపోతే, ఆ కాదన్న రోజులకు ఈ పరిమితి ఉండేది కాదు. అవి ఎన్ని ఉన్నా తర్వాతి ఏడాదికి వెళ్లేవి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ఇదే సూత్రాన్ని ఉంచింది. అంటే మనం రాసే లీవ్ లెటర్ అనుమతి కోసమే కాదు, ఆ సెలవు మన ఖాతాలో నిలవడానికి కూడా పనికొస్తుంది. నోటిమాటగా అడిగితే ఆ సాక్ష్యం ఉండదు.

దుకాణాలు, ప్రైవేటు ఆఫీసుల సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి ఆ తర్వాతి పన్నెండు నెలల్లో 15 రోజుల వేతన సెలవు వస్తుంది. దాన్ని 60 రోజుల వరకు కూడబెట్టుకోవచ్చు. జబ్బు చేస్తే 12 రోజులు, ఇతర అవసరాలకు 12 రోజులు వేరుగా ఉంటాయి. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవారికి మినహాయింపులున్నాయి కాబట్టి, ముందు మన అపాయింట్‌మెంట్ లెటర్, కంపెనీ లీవ్ పాలసీ తీసి చదవాలి. మనకు ఏ రకం సెలవు ఎన్ని రోజులు మిగిలి ఉందో జీతం స్లిప్పులోనో, హెచ్‌ఆర్ దగ్గరో చూసుకోవాలి. అంకె తెలియకుండా అడిగేవారు సంజాయిషీ చెబుతున్నట్టు మాట్లాడతారు. తెలిసినవారి గొంతు వేరుగా ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌గా పనిచేస్తున్న అమ్మాయి అనుకోండి. వాళ్లమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ ఖాయమైంది. ఆమెకు 11 రోజుల ఎర్న్‌డ్ లీవ్ మిగిలి ఉంది, 6 రోజులు కావాలి. అకౌంట్స్‌లో ప్రతి నెలా కదలని తేదీలు కొన్ని ఉంటాయి. సాధారణంగా 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20కి జీఎస్టీఆర్-3బీ దాఖలు చేయాలి. నెలాఖరున జీతాల లెక్క. ఏ మేనేజర్ అయినా "కుదరదు" అనేటప్పుడు ముందు పట్టుకునేవి ఇవే. అందుకే ఆమె డాక్టరుతో మాట్లాడి నవంబర్ 23 సోమవారం నుంచి 28 శనివారం వరకు ఎంచుకుంది. రిటర్నులు అప్పటికి అయిపోతాయి, జీతాల పనికి 30న తిరిగి వస్తుంది. ఉత్తరం నవంబర్ 2నే ఇచ్చింది. ఫ్యాక్టరీల చట్టం మామూలు కార్మికుడిని 15 రోజుల ముందు దరఖాస్తు చేయమనేది. ఆమెది ఫ్యాక్టరీ కాకపోయినా, తన సంస్థ పాలసీలో వేరే గడువు లేనప్పుడు ఆ 15 రోజులు మంచి కొలతే.

ఆమె రాసిన మెయిల్ ఇలా ఉంటుంది:

"నమస్తే సార్. నవంబర్ 23 సోమవారం నుంచి 28 శనివారం వరకు 6 రోజుల ఎర్న్‌డ్ లీవ్ కోరుతున్నాను. మా అమ్మగారికి ఆ వారం ఆపరేషన్ ఉంది. నా ఖాతాలో 11 రోజులు ఉన్నాయి, ఇవి పోను 5 మిగులుతాయి. అక్టోబర్ నెల జీఎస్టీ రిటర్నులు రెండూ నేను వెళ్లేలోపు పూర్తిచేస్తాను. ఆ వారం వచ్చే వెండర్ బిల్లులు చూడటానికి మా సెక్షన్‌లో శ్రీనివాస్ గారు ఒప్పుకున్నారు, 21న ఆయనకు ఫైళ్లు అప్పగిస్తాను. జీతాల పనికి 30న డ్యూటీలో ఉంటాను. ఆసుపత్రి ఏర్పాట్లు చేసుకోవాలి కాబట్టి 9వ తేదీలోపు మీ నిర్ణయం తెలియజేయగలరు."

ఇంగ్లిష్‌లో రాసినా వరుస ఇదే. తేదీలు, సెలవు రకం, ఒక్క వాక్యంలో కారణం, మిగిలిన సెలవు, పని ఏర్పాటు, జవాబు కావలసిన తేదీ. చదివే మనిషికి తలెత్తే ప్రశ్నలన్నిటికీ ఇందులో జవాబుంది. "నువ్వు లేకపోతే పనెవరు చేస్తారు" అనే మాటకు తావు లేదు, ఎందుకంటే పేరూ తేదీతో సహా చెప్పేసింది. అయితే శ్రీనివాస్‌ను ముందుగా అడిగి ఒప్పించుకున్నాకే ఆ వాక్యం రాయాలి. అడగకుండా సహోద్యోగి పేరు రాస్తే అక్కడే పేచీ మొదలవుతుంది.

ఉత్తరంలో లేనివి కూడా గమనించండి. "ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి" లేదు. సెలవు అడగడం తప్పు కాదు. క్షమాపణతో మొదలుపెడితే తప్పని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. "గత రెండేళ్లుగా నాకు ఒక్క లీవ్ కూడా ఇవ్వలేదు" అన్న ఫిర్యాదు లేదు. అది నిజమే కావచ్చు, కానీ ఇక్కడ రాస్తే మేనేజర్ సెలవు సంగతి వదిలేసి ఆ ఆరోపణకు జవాబు చెప్పుకుంటారు. అమ్మ జబ్బు గురించి పేరాగ్రాఫులు లేవు. వివరాలు ఎక్కువయ్యేకొద్దీ "మీ అన్నయ్య చూసుకోలేడా? ఆపరేషన్ వాయిదా వేసుకోలేరా?" అన్న ప్రశ్నలు వస్తాయి. "వీలైతే", "మీకు అభ్యంతరం లేకపోతే" లాంటి మాటలు వరుసగా పేర్చడం లేదు. మర్యాదకు "కోరుతున్నాను", "తెలియజేయగలరు" చాలు.

ఇక జవాబు దగ్గర జరిగేవి ప్రధానంగా మూడు.

మొదటిది మౌనం. వారం గడిచినా పలుకుండదు. ఇలాంటి ఆఫీసుల్లో ఎక్కువగా జరిగేది ఇదే, ఎందుకంటే కాదని రాయనక్కర్లేకుండానే ఉద్యోగి వెనక్కి తగ్గుతారు. అదే మెయిల్ కింద, "సార్, 2వ తేదీన పంపిన లీవ్ అభ్యర్థనపై మీ నిర్ణయం కోసం చూస్తున్నాను. ఇంకేమైనా వివరం కావాలంటే చెప్పండి" అని రాసి, హెచ్‌ఆర్‌కు కూడా పెట్టాలి. మౌనాన్ని అంగీకారంగా తీసుకుని మాత్రం వెళ్లిపోకూడదు. అనుమతి లేని గైర్హాజరు కింద మెమో ఇవ్వడానికి, జీతం కోయడానికి మనమే అవకాశం ఇచ్చినట్టవుతుంది.

రెండోది, పిలిచి నోటితో చెప్పడం. "సరేలే, చూద్దాం, వెళ్లు" అంటారు. అది అవునో కాదో తెలియదు. తిరిగి వచ్చాక "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అనవచ్చు. సీటుకు రాగానే రెండు వాక్యాలు పంపాలి: "సార్, ఇప్పుడు మాట్లాడుకున్న ప్రకారం 23 నుంచి 28 వరకు నా లీవ్‌కు మీరు అంగీకరించారు. పోర్టల్‌లో కూడా ఆమోదించగలరు." మేనేజర్ ఉద్దేశం అది కాకపోతే అప్పుడే చెబుతారు. మెమో వచ్చాక తెలియడం కంటే ముందే తెలియడం మేలు.

మూడోది, సూటిగా "కుదరదు" అనడం. ఇక్కడ వాదన మొదలుపెడితే ఆ రోజుకు పని చెడినట్టే. రెండే ప్రశ్నలు అడగాలి. ఏ పని వల్ల కుదరదు? ఏ తేదీలైతే కుదురుతుంది? ఉదాహరణకు ఆ వారం ఆడిటర్లు వస్తున్నారని చెబితే అది నిజమైన ఇబ్బందే. అప్పుడు ఆ అమ్మాయి, "ఆడిట్ ఫైళ్లు 21కల్లా సిద్ధం చేస్తాను, ఆపరేషన్ రోజూ ఆ తర్వాతి రెండు రోజులూ తప్పనిసరి, మిగిలిన మూడు రోజులు డిసెంబర్‌లో తీసుకుంటాను" అనవచ్చు. కారణమేమీ చెప్పకుండా కాదంటే, "నా అభ్యర్థనను ఆమోదించలేదని అర్థమైంది. కారణం మెయిల్‌లో తెలియజేస్తే మా ఇంట్లో వేరే ఏర్పాట్లు చేసుకుంటాను. ఈ 6 రోజులు నా ఖాతాలో కొనసాగేలా చూడమని హెచ్‌ఆర్‌ను కోరుతున్నాను" అని రాయాలి. అందులో కోపం లేదు, బెదిరింపు లేదు, చట్టం సెక్షన్లు లేవు. కానీ సెలవు అడిగామని, కాదన్నారని, ఎప్పుడన్నారని నమోదైంది. చాలాచోట్ల ఇలా రాతలో కారణం చెప్పాల్సి వచ్చినప్పుడే నిర్ణయం మళ్లీ ఆలోచనలో పడుతుంది.

అన్నిచోట్లా ఇది ఫలిస్తుందని చెప్పలేం. తేదీల ఎంపికలో యాజమాన్యానికి పని అవసరాన్ని బట్టి మాట్లాడే హక్కుంది. మనం కోరిన వారమే ఇచ్చి తీరాలని చాలా సందర్భాల్లో పట్టుబట్టలేం. జబ్బు సంగతి వేరు. ఒంట్లో బాగాలేనప్పుడు పెట్టే సెలవుకు ముందస్తు గడువు అడ్డు రాదని ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అప్పుడు "జ్వరం వల్ల ఈ రోజు రాలేను. రేపటి సంగతి సాయంత్రం 5 లోపు చెబుతాను. డాక్టర్ చీటీ ఇస్తాను" అన్న మెసేజ్ సరిపోతుంది. ఏడాది పొడవునా అడిగిన ప్రతిసారీ కాదంటూ, మిగిలిన రోజులు కూడా రద్దుచేస్తుంటే దాన్ని మాటలతో సరిచేయలేం. దుకాణాల చట్టం కిందకు వచ్చేవారు కార్మిక శాఖలో తమ ప్రాంతపు సహాయ కార్మిక అధికారిని కలవవచ్చు. ఆ అధికారి ముందుగా అడిగేది కాగితాలే. తేదీలతో ఉన్న ఆ నాలుగైదు మెయిళ్లు అప్పుడు పనికొస్తాయి. ఆఫీసు మెయిల్ ఏ రోజైనా మూసేయవచ్చు కాబట్టి, మీ సెలవు గురించిన ఉత్తరాల ప్రింటు తీసి ఇంట్లో ఉంచుకోండి.

ఈ నెల జీతం స్లిప్పు వచ్చినప్పుడు అందులో మీ సెలవుల అంకె చూడండి. అవసరం ఎప్పుడుందో మీకు తెలిసి ఉంటే, మంచి మూడ్‌లో ఉన్నప్పుడు అడుగుదామని ఆగకండి. తేదీలు, కారణం, పని ఏర్పాటు రాసి ఈ వారమే పంపండి. ఇస్తే వెళ్లివస్తారు, ఇవ్వకపోతే మీరు అడిగినట్టు రుజువు ఉంటుంది.