స్టూలెక్కిన ఏడు పెంకులు

వీల్‌చైర్ టెన్నిస్‌ను ఆడేది మామూలు టెన్నిస్ కోర్టులోనే. నెట్ ఎత్తు అదే, బంతీ అదే. నిబంధనల్లో పెద్ద తేడా ఒక్కటే: కుర్చీలో ఉన్న ఆటగాడు బంతి రెండోసారి నేలను తాకాక కూడా కొట్టవచ్చు. మొదటిసారి కోర్టు లోపల పడితే చాలు, రెండోసారి గీత దాటి పడినా చెల్లుతుంది. 1976లో అమెరికాలో బ్రాడ్ పార్క్స్ చొరవతో మొదలైన ఈ ఆటలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. కుర్చీలో ఉన్నవారూ నడిచేవారూ కలిసి ఆడితే ఎవరి నిబంధన వారిదే. కుర్చీలో ఉన్నవారికి రెండు బౌన్సులు, నిలబడి ఆడేవారికి ఒకటే.

మనిషిలా కుర్చీ పక్కకు అడుగు వేయలేదు, చుట్టు తిరిగి రావాలి. ఆ కాస్త ఆలస్యాన్ని రెండో బౌన్స్ సరిచేస్తుంది. అంతకుమించి ఆటను తేలిక చేయదు.

బడి ఆవరణలో ఆడే ఆటను మార్చాలన్నా దారి ఇదే. ఆట ఆ బిడ్డను ఎక్కడ ఆపేస్తోందో చూసి, అక్కడ మాత్రమే చెయ్యి పెట్టాలి. అందరికీ తెలిసిన ఏడు పెంకులాటనే తీసుకుందాం. ఐదో తరగతి పాప ఒకతె ఉందనుకుందాం. చేతుల్లో బలం ఉంది, కుర్చీని తనే తోసుకుంటుంది, కాళ్లు మాత్రం కదలవు. బంతి విసిరి పెంకుల దొంతరను పడగొట్టడం, అవతలి జట్టు బంతితో కొట్టి అవుట్ చేసేలోపు పెంకుల్ని మళ్లీ పేర్చడం ఈ ఆట. ఇందులో ఆ పాపకు అడ్డుపడేవి ముఖ్యంగా నాలుగు: నేల, దొంతర ఎత్తు, బంతి, తప్పించుకోవడం.

మొదటిది నేల. కుర్చీ ముందుండే చిన్న చక్రాలు ఇసుకలో దిగబడతాయి. చక్రాల వెనక లోతైన చారలు పడుతున్నా, పాప ప్రతి తోపుకీ నడుం వంచి ముందుకు ఊగుతున్నా ఆ నేల పనికిరాదని అర్థం. ఆటను గచ్చు మీదికో, గట్టిపడిన మట్టి మీదికో మార్చితే సగం చిక్కు తీరుతుంది. ఆడేముందు టైర్లలో గాలి చూడాలి. చేతులు పెట్టుకునే పక్క దిమ్మలు ఊడి వచ్చేవైతే తీసేయాలి. అవి ఉంటే చెయ్యి వెనక్కి తీసి విసరడం కష్టం.

రెండోది దొంతర. నేల మీదున్న పెంకుల కోసం ముందుకు వంగితే కుర్చీ బోర్లాపడే ప్రమాదం ఉంది. కాళ్లు పెట్టుకునే పలక కూడా దగ్గరికి రానివ్వదు. అందుకే దొంతరను మోకాలెత్తు స్టూలు మీదికి ఎక్కించాలి. పాప ఎదురుగా కాకుండా పక్కగా వచ్చి, బ్రేకు వేసి పేర్చవచ్చు. ఈ మార్పు ఆమె ఒక్కతెకే కాదు, రెండు జట్లలో అందరికీ వర్తిస్తుంది. అంత ఎత్తు నుంచి పడితే మట్టి పెంకులు పగులుతాయి కాబట్టి చెక్కముక్కలు వాడాలి. అవి చెల్లాచెదురుగా పడతాయి. నేల మీది ముక్కల్ని జట్టులో ఎవరైనా ఏరి అందించవచ్చు, పేర్చడమూ ఎవరైనా చేయవచ్చు. పేర్చే పని ఆమె ఒక్కతెకే అప్పగిస్తే మాత్రం ఆమె స్టూలు పక్కన కాపలా మనిషిగా మిగిలిపోతుంది.

మూడోది బంతి. రబ్బరు బంతి ఎగిరి దూరంగా దొర్లిపోతుంది. పాత మేజోళ్లలో గుడ్డలు కుక్కి కుట్టిన బంతి పడ్డచోటనే ఆగుతుంది, తగిలినా నొప్పి ఉండదు. ఇంకో కారణమూ ఉంది. పుట్టుకతో వెన్నెముక సరిగా మూసుకోని స్పైనా బైఫిడా ఉన్న పిల్లల్లో చాలామందికి లేటెక్స్ రబ్బరు పడదు. ముందుగా ఇంట్లో వాళ్లను అడగకుండా అలాంటి పిల్లలకు బెలూన్లు, రబ్బరు బంతులు ఇవ్వకూడదు.

తప్పించుకోవడం దగ్గరే అసలు తగువు వస్తుంది. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌లో కుర్చీని ఆటగాడి ఒంట్లో భాగంగానే లెక్కిస్తారు. ఇక్కడ ఆ లెక్క పెడితే గెంతలేని, వంగలేని పాప అందరికంటే పెద్ద గురి అవుతుంది. పోనీ ఆమెకు అవుటే లేదంటే అవతలి జట్టు ఆమె వైపు చూడడం మానేస్తుంది. మధ్యేమార్గంగా కుర్చీకి తగిలితే అవుట్ కాదు, భుజాల కింద ఒంటికి తగిలితే అవుట్. దానికి తోడు, బంతి పట్టుకున్నవాళ్లు పరుగెత్తకూడదు, ఉన్నచోటి నుంచే కొట్టాలి, లేదా తోటివారికి అందించాలి. ఈ నిబంధన అందరికీ పెడితే గుద్దుకోవడం తగ్గుతుంది, చక్రాల ఊచల్లో వేళ్లు పడే ప్రమాదమూ తగ్గుతుంది. పాప చేతికి బంతి దొరికినప్పుడు బాస్కెట్‌బాల్ నుంచి ఒకటి అరువు తెచ్చుకోవచ్చు. అక్కడ బంతిని ఒళ్లో పెట్టుకుని చక్రాలను రెండుసార్లు తోయవచ్చు, ఆ తర్వాత బంతిని నేలకు కొట్టాలి, లేదా వదలాలి. మన ఆటలో రెండు తోపుల తర్వాత విసిరేయాలి అంటే సరిపోతుంది.

విసిరే గీత ఎంత దూరంలో ఉండాలన్నది జాలితో తేల్చేది కాదు. ముందు మిగతా పిల్లల చేత పదేసిసార్లు విసిరించాలి. వాళ్లకు సగటున పదింట మూడు తగిలాయనుకుందాం. పాపకూ పదింట మూడు తగిలే దూరమే ఆమె గీత. ఆమెకు ఎనిమిది తగులుతుంటే గీత వెనక్కి జరగాల్సిందే.

మార్పులు ఫలించాయో లేదో తెలుసుకోవడానికి పది నిమిషాల ఆట చూస్తే చాలు. బంతి ఆమె చేతికి మిగతావారికి వచ్చినన్నిసార్లు వచ్చిందా? ఆమె ఒక్కసారైనా అవుటయిందా? అవుటో కాదో అని అవతలివాళ్లు ఆమెతో వాదించారా? స్కోరు రాసే పని ఆమెకు అప్పగించారన్నా, వెనక నుంచి ఎవరో కుర్చీ తోస్తున్నారన్నా, ఆమె వైపు బంతి మరీ మెల్లగా వస్తోందన్నా ఆమె ఇంకా ఆటలోకి రానట్టే. ఆ రోజు ఎక్కడ ఇబ్బందయిందో ఆమెనే అడిగితే మర్నాటికి ఏం మార్చాలో తేలిపోతుంది.

చేతులూ సరిగా పనిచేయని పిల్లలకు ఈ మార్పులు చాలవు. వారికి బోషియా దారి చూపుతుంది. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉన్న ఈ ఆటలో బంతిని విసరలేనివారు వాలు పలక మీదుగా దొర్లిస్తారు. పలకను జరిపే సహాయకుడు మైదానానికి వీపు తిప్పే కూర్చోవాలి, వెనక్కి చూడకూడదు. ఎటు, ఎంత ఎత్తు నుంచి వదలాలో ఆటగాడే నిర్ణయిస్తాడు. నిలువుగా చీల్చిన ప్లాస్టిక్ గొట్టంతో బడిలోనే ఇలాంటి పలక తయారవుతుంది. అప్పుడు గుడ్డ బంతి బదులు బాగా దొర్లే బంతి, స్టూలు బదులు నేల మీది దొంతర కావాలి. తోడున్న పిల్లవాడు తన తెలివి వాడకుండా ఆ నిర్ణయం ప్రకారమే పలకను జరపాలి.

మిగతా పిల్లలతో సమానంగా ఆటపాటల అవకాశం కల్పించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ బడులకు చెబుతోంది. దానికి ఇక్కడ కావలసిన సామగ్రి ఒక స్టూలు, ఏడు చెక్కముక్కలు, ఒక గుడ్డ బంతి. కుర్చీలో వచ్చే విద్యార్థి ఉన్న బడిలోని వ్యాయామ ఉపాధ్యాయులు వచ్చే ఆటల పీరియడ్‌లోనే ఇది ఆడించి చూడాలి. నిబంధనలు మాత్రం ఆ విద్యార్థితో కలిసి రాయాలి.