పాల లెక్కతో ఒక ప్రాజెక్టు

కోడింగ్ ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తు పెట్టే విద్యార్థుల గిట్‌హబ్ ఖాతాలు వరసగా తెరిచి చూడండి. కాలిక్యులేటర్, చేయాల్సిన పనుల జాబితా, వాతావరణం చెప్పే పేజీ, మళ్లీ కాలిక్యులేటర్. యూట్యూబ్ పాఠం చూసి నేర్చుకోవడంలో తప్పు లేదు. కాకపోతే వాటిలో ఏది ఎందుకు అలా ఉండాలో తేల్చింది పాఠం చెప్పినవారే. విద్యార్థి సొంతంగా ఆలోచించిన జాడ ఎక్కడా దొరకదు. ఆ జాడ చూపించాలంటే పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు, ఇంట్లో ఒక్కరు నిజంగా వాడుకునేది చాలు.

పాల కేంద్రానికి పాలు పోసే ఇంటి అమ్మాయి ఒకామె బీటెక్ చదువుతోందనుకుందాం. పూటపూటా ఎన్ని లీటర్లు పోసిందీ, ఫ్యాట్ ఎంత వచ్చిందీ వాళ్లమ్మ నోటు పుస్తకంలో రాసుకుంటుంది. బిల్లు చేతికొచ్చాక సరిచూసుకోవడమే తలనొప్పి. ఫ్యాట్ పాయింటుకు 8 రూపాయలైతే, 6.5 ఫ్యాట్ ఉన్న పాలు లీటరు 52 రూపాయలు. ఈ లెక్క చేసిపెట్టే ఒక్క పేజీ, అదే ప్రాజెక్టు. లాగిన్ లేదు, డేటాబేస్ లేదు. రాసిన వివరాలు ఫోను బ్రౌజర్‌లోనే దాచుకుంటుంది. చాలా కేంద్రాలు ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా చూసి రేటు కడతాయి. మొదటి విడతలో దాన్ని వదిలేసింది.

పేజీ తయారయ్యాక వాళ్లమ్మ చేతికిచ్చింది. ఆవిడ ఉదయం 4, సాయంత్రం 3 అని కొడితే మొత్తం 43 అని వచ్చింది. “నలభై మూడు లీటర్లా! మన గేదె ఎప్పుడిచ్చిందే అన్ని పాలు?”

తప్పు ఈ వరుసలో ఉంది:

```js
const total = morning.value + evening.value;
```

పేజీ మీది పెట్టెలో మనం కొట్టిన అంకెను జావాస్క్రిప్ట్ అక్షరాలుగానే తీసుకుంటుంది. అక్షరాలకు ప్లస్ గుర్తు పెడితే కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. తమాషా ఏమిటంటే గుణకారం దగ్గర వాటిని తనే అంకెలుగా మార్చుకుంటుంది. అందుకే ఒక్కో పూట డబ్బు సరిగ్గానే వచ్చింది, రెండు పూటలు కలిపినప్పుడే గుట్టు బయటపడింది. దిద్దుబాటు చిన్నదే:

```js
const total = Number(morning.value) + Number(evening.value);
```

ఈ మార్పును గిట్‌లో భద్రపరిచేటప్పుడు “లీటర్లు అతుక్కుంటున్నాయి, అంకెలుగా మార్చి కూడాను” అన్న అర్థం వచ్చేలా సందేశం రాయాలి. `final`, `final2` అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నన్నడిగితే, మెరిసే బటన్ల కన్నా ఇలాంటి ఒక్క సందేశం ఎక్కువ చెబుతుంది. డిజైన్ ఇంటర్న్‌షిప్‌కైనా ఇదే దారి: అమ్మ వేలికి అందని చిన్న బటన్‌తో ఉన్న మొదటి తెరా, మార్చిన తెరా పక్కపక్కన పెట్టి కారణం రెండు వాక్యాల్లో రాయడమే.

తర్వాత పేజీని అందరికీ తెరుచుకునేలా పెట్టాలి. కోడ్ అందరికీ కనిపించేలా ఉంచితే గిట్‌హబ్ పేజెస్‌లో ఇది ఉచితం. చాలామంది తడబడేది ఇక్కడే. విండోస్ కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన పేజీ అక్కడ రంగులూ రూపమూ లేకుండా తేలుతుంది. ఫైలు పేరు `Style.css` అయి ఉండి, పేజీలో `style.css` అని రాసి ఉంటే విండోస్ సర్దుకుపోతుంది, గిట్‌హబ్ సర్వర్ సర్దుకుపోదు. పేరు ముందు గీత పెట్టి `/style.css` అని రాసినా మామూలుగా ఇదే గతి, ఫైలును ప్రాజెక్టు ఫోల్డరులో కాక దాని పైన వెతుకుతుంది. అందుకే లింకును వేరేవాళ్ల ఫోనులో ఒకసారి తెరిచి చూడాలి. రెజ్యూమె పీడీఎఫ్‌లో అది నొక్కితే తెరుచుకుంటోందో లేదో కూడా.

`README.md` అర పేజీ దాటనక్కర్లేదు. ఇది ఎవరి కోసం, లింకు ఎక్కడ, తెర ఫొటో ఒకటి, ఇంకా ఏం చేయలేదు. ఈ చివరిది దాచుకోకూడదు: ఎస్‌ఎన్‌ఎఫ్ లెక్క లేదు, బ్రౌజర్ డేటా తుడిచేస్తే రాసిందంతా పోతుంది, ఒక ఫోనులో రాసింది మరో ఫోనులో కనిపించదు.

ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఈ లోపాల మీదే రావచ్చు. “బిల్లు మధ్యలో రేటు మారితే ఏమవుతుంది?” అని అడిగారనుకోండి. రేటును ఒక్కచోటే దాచి ఉంటే, కొత్త రేటు వేయగానే పాత రోజుల డబ్బు కూడా మారిపోతుంది. ఏ పూట పాలకు ఆ పూట రేటును పక్కనే రాసి దాచాలి. అమ్మ నోటు పుస్తకంలో రేటుకు విడిగా ఒక గడి ఉండేది అందుకే.